టీమ్ ఇన్సెంటివ్‌ను బాధ్యత, హాజరు పాయింట్లతో పంచుకోవడం ఎలా?

టీమ్ మొత్తానికి కలిపి ఒక ఇన్సెంటివ్ వస్తుంది. దాన్ని తలా ఇంత అని సమానంగా పంచితే నెలంతా పనిచేసినవాళ్లు నొచ్చుకుంటారు. లీడ్ తనకు తోచినట్టు పంచితే మిగతావాళ్లంతా నొచ్చుకుంటారు. అందుకే చాలా టీమ్‌లు పాయింట్ల పద్ధతికి వస్తాయి. ఎవరి బాధ్యత ఎంత, ఎవరు ఎన్ని రోజులు వచ్చారు అన్న రెండిటినీ పాయింట్లలోకి మార్చి, ఆ పాయింట్లను బట్టి డబ్బు పంచుతారు.

లెక్క చూడ్డానికి చాలా తేలిక. గొడవలు వచ్చేది లెక్క దగ్గర కాదు, లెక్కకు ముందు తేల్చుకోకుండా వదిలేసిన విషయాల దగ్గర. రానివాళ్ల వాటా ఎవరికి పోవాలి? నెల మధ్యలో చేరినవాళ్ల సంగతేంటి? లీడ్ సెలవులో ఉన్నప్పుడు ఆ పని చూసినవాళ్లకు ఏమివ్వాలి? ఏడుగురున్న ఒక టీమ్‌ను తీసుకుని, ఒక నెల లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేస్తూ ఇవన్నీ చూద్దాం. పంచాల్సిన మొత్తం 60,000 అనుకుందాం. మీ మొత్తం ఎంతైనా, ఏ కరెన్సీ అయినా పద్ధతి మారదు.

## మొదటి మెట్టు: రెండు అంశాలను కూడాలా, గుణించాలా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కొన్ని టీమ్‌లు మొత్తాన్ని రెండు ముక్కలు చేస్తాయి. సగం బాధ్యతను బట్టి, సగం హాజరును బట్టి పంచి, ఒక్కొక్కరికి వచ్చిన రెండు వాటాలను కూడతాయి. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మన టీమ్ లీడ్ నెలంతా సెలవులో ఉన్నాడనుకోండి. బాధ్యత పాయింట్లలో అతని వాటా 20 శాతం అయితే, సగం మొత్తమైన 30,000లో 20 శాతం, అంటే 6,000, ఒక్క రోజు కూడా రాకుండానే అతని చేతికి వస్తుంది. ఈ లెక్క బయటపడిన రోజు టీమ్‌కు ఆ పద్ధతి మీద నమ్మకం పోతుంది.

గుణిస్తే ఈ సమస్య ఉండదు. ఒక్కో బాధ్యతకు రోజుకు ఇన్ని పాయింట్లని పెట్టండి. వచ్చిన రోజులతో దాన్ని గుణించండి. రాని రోజుకు పాయింట్ లేదు, వచ్చిన రోజుకు వాళ్ల బాధ్యతకు తగిన పాయింట్లు ఉన్నాయి. ఎవరికైనా ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. అందరి ముందు చెప్పుకోగలిగేంత సూటిగా లేని పద్ధతి కాగితం మీద ఎంత బాగున్నా నిలబడదు.

ఇంకో జాగ్రత్త. హాజరును శాతంలో కాకుండా రోజుల్లోనే లెక్కేయండి. అందరికీ పనిదినాలు ఒకటే అయినప్పుడు రెండూ ఒకే జవాబిస్తాయి. నెల మధ్యలో ఒకరు చేరినప్పుడు తేడా వస్తుంది. 12 రోజుల కింద చేరి 12 రోజులూ వచ్చిన మనిషి హాజరు నూటికి నూరు శాతం. శాతంతో గుణిస్తే అతనికి నెలంతా పనిచేసినంత వాటా వచ్చేస్తుంది. రోజులతో గుణిస్తే 12 రోజులకే వస్తుంది. చాలా షీట్లలో ఈ తప్పు కొత్తవాళ్లెవరూ చేరనంతకాలం దాక్కునే ఉంటుంది.

## రెండో మెట్టు: బాధ్యతకు ఎన్ని పాయింట్లు?

సాధారణ సభ్యుడికి రోజుకు 10 పాయింట్లని పెట్టుకుని మొదలుపెట్టండి. మిగతావాళ్లను దానితో పోల్చి తూకం వేయండి. 1, 1.2, 1.5 అంటూ దశాంశాల్లో రాసుకున్నా లెక్క ఒకటే. అయితే “నీకు రోజుకు 12 పాయింట్లు” అంటే అందరికీ ఇట్టే అర్థమవుతుంది.

మన టీమ్‌లో లీడ్‌కు 15, సీనియర్‌కు 12, సభ్యుడికి 10, ట్రైనీకి 6 అనుకుందాం. ఈ అంకెలు ఎలా వస్తాయి? చాలామంది చేసే పని జీతాల నిష్పత్తినే తెచ్చి ఇక్కడ పెట్టేయడం. అది నాకు సరైనదనిపించదు. అనుభవానికి, హోదాకు జీతం ఎలాగూ ముడుతోంది. ఇన్సెంటివ్ వచ్చింది టీమ్ ఒక టార్గెట్ అందుకున్నందుకు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ బాధ్యతలో ఉన్న మనిషి ఒక రోజు లేకపోతే ఆ టార్గెట్ ఎంత వెనకబడుతుంది? లీడ్ లేని రోజు పని ఆగిపోతుందా, కొంచెం నెమ్మదిస్తుందా, అసలు తేడానే తెలియదా? నిజాయితీగా జవాబు చెప్పుకుంటే లీడ్‌కు, కింది స్థాయికి మధ్య తేడా సాధారణంగా జీతాల తేడాకన్నా తక్కువే తేలుతుంది. పైనున్నవారి పాయింట్లు కిందున్నవారికి రెండున్నర రెట్లకు మించితే, కిందివాళ్లు ఇది తమ ఇన్సెంటివ్ కాదనే లెక్కలోకి వెళ్లిపోతారు. ఇక్కడ 15కి 6, సరిగ్గా రెండున్నర రెట్లు.

అంకెలు పెట్టాక పేర్లు రాయకముందే ఒక పరీక్ష చేయండి. అందరూ అన్ని రోజులూ వచ్చారనుకుని ఏ స్థాయికి ఎంత పోతుందో చూడండి. మన టీమ్‌లో ఒక లీడ్, ఇద్దరు సీనియర్లు, ముగ్గురు సభ్యులు, ఒక ట్రైనీ. రోజుకు మొత్తం పాయింట్లు 15 + 24 + 30 + 6, అంటే 75. శాతాల్లో లీడ్‌కు 20, సీనియర్లిద్దరికీ కలిపి 32, సభ్యులు ముగ్గురికీ కలిపి 40, ట్రైనీకి 8. చర్చ ఈ శాతాల మీద జరగాలి. “15 ఎక్కువా, 14 చాలా?” అని వాదించుకుంటే తెగదు. “అయిదో వంతు లీడ్‌కు పోవడం సరేనా?” అని అడిగితే ఎవరికైనా ఒక అభిప్రాయం ఉంటుంది.

మనిషి విజిటింగ్ కార్డు మీద ఏ హోదా ఉందన్నది కాదు, ఆ నెలలో ఏ బాధ్యత మోశాడన్నదే లెక్క. లీడ్ సెలవులో ఉన్న రోజుల్లో ఒక సీనియర్ ఆ పని చూస్తే, ఆ రోజులకు అతనికి 12 బదులు 15 పాయింట్లు ఇవ్వాలి. నెల మధ్యలో ప్రమోషన్ వస్తే ఆ తేదీ ముందు రోజులకు పాత పాయింట్లు, తర్వాతి రోజులకు కొత్తవి.

## మూడో మెట్టు: ఏది హాజరు, ఏది కాదు?

ఈ రూల్స్‌ను ఒక పేజీలో రాసుకోకుండా నెల మొదలుపెట్టొద్దు. నెలాఖరున పేర్లు కళ్ల ముందు ఉన్నప్పుడు రాసే రూల్ ఏదైనా ఎవరో ఒకరికోసం రాసినట్టే కనిపిస్తుంది.

వీక్లీ ఆఫ్‌లు, సంస్థ సెలవులు అందరికీ సమానం కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయండి. పనిదినాలే మిగులుతాయి. మన ఉదాహరణలో అవి 25. ఆఫీసు పని మీద బయటికెళ్లిన రోజు, సంస్థే పంపిన ట్రైనింగ్ రోజు హాజరుగానే పోవాలి. లేకపోతే వచ్చే నెల నుంచి ట్రైనింగ్ అంటే అందరూ మొహం చాటేస్తారు. హాఫ్ డే అంటే అర రోజు. షిఫ్టులు వేర్వేరు నిడివి ఉన్నా, పార్ట్ టైమ్ వాళ్లున్నా రోజులు వదిలేసి గంటలు లెక్కేయండి. రోజుకు 10 పాయింట్లన్నది ఎనిమిది గంటల రోజుకైతే, నాలుగు గంటలు పనిచేసినవారికి 5.

వీక్లీ ఆఫ్ రోజున అదనంగా పనిచేస్తే? దానికి ఓటీ డబ్బు ఇస్తున్నట్లయితే ఇక్కడ మళ్లీ పాయింట్ వేయొద్దు, ఒకే పనికి రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. ఓటీ ఇవ్వకపోతే వేయండి. ఆలస్యంగా వచ్చిన నిమిషాలను మాత్రం ఇందులోకి తేకండి. అది క్రమశిక్షణ విషయం. దాన్ని ఇన్సెంటివ్ లెక్కలో కలిపితే ప్రతి నెలా పంచింగ్ టైమ్ మీద పంచాయితీ తప్పదు.

సెలవుల్లో ఒక రకం దగ్గర మాత్రం ఆగి చూసుకోవాలి. ప్రసూతి సెలవు, పనిలో గాయపడి తీసుకున్న సెలవు లాంటివాటికి చాలా దేశాల్లో చట్టపరమైన రక్షణ ఉంటుంది. వాటిని గైర్హాజరుగా లెక్కేసి డబ్బు తగ్గించడం చిక్కు తెచ్చిపెట్టొచ్చు. మీ దగ్గర నిబంధన ఏమిటో హెచ్‌ఆర్‌ను అడిగి రాయించుకోండి. టీమ్ మీటింగ్‌లో చేతులెత్తి తేల్చే విషయం కాదిది.

హాజరుకు శ్లాబులు పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరో ఒకరు తెస్తారు. 90 శాతం దాటితే పూర్తి వాటా, 75 నుంచి 90 వరకు సగం, అంతకన్నా తక్కువైతే సున్నా అన్నమాట. మన లీడ్ 25 రోజుల్లో 22 రోజులు వచ్చాడు, అంటే 88 శాతం. శ్లాబు ప్రకారం అతని పాయింట్లు 375లో సగం, 187.5. ఇంకొక్క రోజు వచ్చి ఉంటే 92 శాతమై మొత్తం 375 వచ్చేవి. ఒక్క రోజు విలువ 187.5 పాయింట్లు! రోజుల లెక్కలో అదే రోజు విలువ 15 పాయింట్లే. శ్లాబు గీత దగ్గర నిలబడ్డవాళ్లు జ్వరంతోనైనా వస్తారు. ఎలాగూ గీత దాటలేమని తేలినవాళ్లు మిగతా రోజులు కూడా మానేస్తారు. రెండూ మీరు కోరుకున్నవి కావు. అందుకే వచ్చిన ప్రతి రోజుకూ ఒకే విలువ ఉండే పద్ధతే మేలు.

## నాలుగో మెట్టు: పాయింట్లు వేయడం

ఇక అంకెల్లోకి వద్దాం. నెలలో 25 పనిదినాలు. లీడ్ 3 రోజులు సెలవు పెట్టాడు. ఆ 3 రోజులూ మొదటి సీనియర్ ఇన్‌ఛార్జిగా ఉంది. మూడో సభ్యుడు నెల మధ్యలో చేరి 12 రోజులు పనిచేశాడు.

| ఎవరు | రోజుకు | వచ్చిన రోజులు | అదనం | పాయింట్లు |
|---|---|---|---|---|
| లీడ్ | 15 | 22 | 0 | 330 |
| సీనియర్ 1 | 12 | 25 | 9 | 309 |
| సీనియర్ 2 | 12 | 20 | 0 | 240 |
| సభ్యుడు 1 | 10 | 25 | 0 | 250 |
| సభ్యుడు 2 | 10 | 24 | 0 | 240 |
| సభ్యుడు 3 | 10 | 12 | 0 | 120 |
| ట్రైనీ | 6 | 25 | 0 | 150 |
| మొత్తం | | | | 1,639 |

సీనియర్ 1కు అదనంగా వచ్చిన 9 ఇన్‌ఛార్జి రోజులవి. రోజుకు 3 పాయింట్ల తేడా, మూడు రోజులు. ఇలాంటివాటికి విడిగా ఒక కాలమ్ ఉంచుకుంటే ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరడిగినా చూపించొచ్చు.

ఈ పట్టికను డబ్బు అంకెలు లేకుండా ముందు టీమ్‌కు పంపండి. రెండు రోజులు గడువివ్వండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా గొడవలను ముందే ఆపేస్తుంది. మిషన్‌లో పంచ్ పడని రోజు, సెలవు కింద పడిపోయిన ట్రైనింగ్ రోజు ఈ దశలోనే బయటికొస్తాయి. డబ్బు అంకె చూశాక అడిగే ప్రశ్నకు, రోజులు మాత్రమే చూసి అడిగే ప్రశ్నకు స్వరంలోనే తేడా ఉంటుంది.

## అయిదో మెట్టు: రానివాళ్ల పాయింట్లు ఎటు పోవాలి?

ఈ పద్ధతి మొత్తంలో అసలు మెలిక ఇక్కడుంది. చాలా టీమ్‌లు దీన్ని ఒక నిర్ణయంగా కూడా గుర్తించవు. షీట్‌లో ఎవరో రాసిన ఫార్ములా ఏది చేస్తే అదే జరిగిపోతుంది.

మామూలుగా అందరూ చేసేది, మొత్తం డబ్బును వచ్చిన పాయింట్లతో భాగించడం. 60,000ను 1,639తో భాగిస్తే పాయింట్ విలువ సుమారు 36.61. ఇందులో ఒకరు రాకపోతే వాళ్ల వాటా మిగతావాళ్లకు చేరిపోతుంది.

రెండో దారి, అందరూ అన్ని రోజులూ వస్తే ఎన్ని పాయింట్లయ్యేవో దానితో భాగించడం. రోజుకు 75 చొప్పున 25 రోజులకు 1,875 పాయింట్లు. 60,000ను 1,875తో భాగిస్తే పాయింట్ విలువ సరిగ్గా 32. దీని ప్రకారం పంచితే 1,639 పాయింట్లకు 52,448 ఖర్చవుతుంది. 7,552 మిగిలిపోతుంది.

తేడా ఎంతుందో సభ్యుడు 1 విషయంలో చూడండి. ఒక్క రోజు కూడా మానకుండా 250 పాయింట్లు తెచ్చుకున్నాడు. రెండో దారిలో అతనికి 8,000 వస్తే, మొదటి దారిలో 9,152 వస్తుంది. పైనున్న 1,152 అతని సొంత హాజరు వల్ల వచ్చింది కాదు, మిగతావాళ్లు రాకపోవడం వల్ల వచ్చింది.

ఇది తప్పా? ఆ 60,000 ఎలా పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. టీమ్ చేసిన పని పరిమాణాన్ని బట్టి ఆ మొత్తం వచ్చి ఉంటే, పూర్తయిన ప్రతి ఆర్డరుకు ఇంత అన్నట్టుగా, అది వచ్చినవాళ్లు సంపాదించిందే. రానివాళ్ల పని కూడా వాళ్లే మోశారు. అప్పుడు మొదటి దారే న్యాయం, ఒక్క పైసా కూడా వెనక్కి పోకూడదు. అలా కాకుండా ఏడుగురి టీమ్‌కు నెలకు ఇంత అని సంస్థ ముందే కట్టేసిన మొత్తమైతే, ఒకరి సెలవు పక్కవాళ్ల జేబు నింపడానికి కారణం లేదు. రెండో దారిలో వెళ్లి, మిగిలింది వచ్చే నెల మొత్తంలో కలపొచ్చు.

నిర్ణయించే ముందు లోటు ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడండి. మన లెక్కలో 1,875కు, 1,639కి తేడా 236. అందులో సభ్యుడు 3 చేరకముందు ఖాళీగా ఉన్న 13 రోజులవే 130. సెలవుల వల్ల పోయినవి లీడ్‌వి 45, సీనియర్ 2వి 60, సభ్యుడు 2వి 10, మొత్తం 115. ఇన్‌ఛార్జికి ఇచ్చిన 9 తీసేస్తే నికరంగా 106. అంటే సగానికి పైగా లోటు సెలవుల వల్ల కాదు, పోస్టు ఖాళీగా ఉండటం వల్ల వచ్చింది. ఖాళీ పోస్టు డబ్బు కూడా పంచేస్తూ పోతే, కొత్త మనిషిని తీసుకోవడం టీమ్‌కు నష్టంగా కనిపించడం మొదలవుతుంది. ఎవరూ పైకి అనరు, కానీ కొత్తగా చేరినవాడికి పని నేర్పడంలో ఆ సంగతి తెలిసిపోతుంది.

మధ్యే మార్గం కావాలంటే సెలవుల వాటాను వచ్చినవాళ్లకు పంచి, ఖాళీ పోస్టు వాటాను పక్కన పెట్టొచ్చు. ఏది ఎంచుకున్నా నెల మొదలవకముందే రాసి ఉంచండి. చిన్న టీమ్‌లకు ఇది మరీ ముఖ్యం. ముగ్గురిలో ఒకరు రెండు వారాలు రాకపోతే పాయింట్ విలువ ఎగిరి కూర్చుంటుంది. అనారోగ్యంతో ఇంట్లో ఉన్నవాళ్ల గురించి మిగిలిన ఇద్దరూ లెక్కలు వేసుకునే పరిస్థితి బాగుండదు.

మన ఉదాహరణలో మొత్తం పనిని బట్టి వచ్చినదే అనుకుని మొదటి దారిలో వెళదాం.

## ఆరో మెట్టు: డబ్బులోకి మార్చడం, చిల్లర సర్దడం

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. పాయింట్ విలువను ముందే రౌండ్ చేసేసి, ఆ తర్వాత అందరి పాయింట్లతో గుణించడం. 36.6077ను 37 చేస్తే 1,639 పాయింట్లకు 60,643 కావాలి, అంటే లేని 643 పంచినట్టు. 36 చేస్తే 996 మిగిలిపోతుంది. 36.61 అని రాసుకున్నా దాదాపు 4 ఎక్కువవుతుంది. పాయింట్ విలువను నోటీసులో చూపించడానికి రౌండ్ చేయండి, లెక్కలో మాత్రం వద్దు. ఒక్కొక్కరి పాయింట్లను నేరుగా మొత్తంతో గుణించి, మొత్తం పాయింట్లతో భాగించండి.

అలా చేస్తే లీడ్‌కు 12,080.54, సీనియర్ 1కు 11,311.78, సీనియర్ 2కు 8,785.84, సభ్యుడు 1కి 9,151.92, సభ్యుడు 2కు 8,785.84, సభ్యుడు 3కు 4,392.92, ట్రైనీకి 5,491.15 వస్తుంది. చిల్లర లేకుండా ఇవ్వాలంటే ముందు అందరివీ కిందికి దించండి. పైసలన్నీ తీసేస్తే మొత్తం 59,995. ఇంకా 5 మిగిలింది. ఎవరి చిల్లర అందరికన్నా పెద్దదో వాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటి ఇచ్చుకుంటూ రండి. సభ్యుడు 3, సభ్యుడు 1, సీనియర్ 2, సభ్యుడు 2, సీనియర్ 1 ఈ వరుసలో వస్తారు. ఎన్నికల్లో పార్టీల ఓట్లను బట్టి సీట్లు పంచడానికి కొన్ని చోట్ల వాడే పద్ధతి ఇదే.

చివరికి తేలింది ఇది: లీడ్‌కు 12,080, సీనియర్ 1కు 11,312, సీనియర్ 2కు 8,786, సభ్యుడు 1కి 9,152, సభ్యుడు 2కు 8,786, సభ్యుడు 3కు 4,393, ట్రైనీకి 5,491. కూడితే సరిగ్గా 60,000. పన్ను కోత ఉంటే అది ఈ అంకెల మీద, ఎవరిది వాళ్లకు విడిగా పడాలి. పంచకముందే మొత్తంలోంచి కోసేస్తే తక్కువ పన్ను కట్టేవాళ్లు ఎక్కువ కట్టేవాళ్ల భారం మోస్తారు.

ఈ అంకెలను ఒకసారి చూడండి. 20 రోజులే వచ్చిన సీనియర్ 2కు, 24 రోజులు వచ్చిన సభ్యుడు 2కు ఒకే మొత్తం వచ్చింది. 20ని 12తో గుణించినా, 24ను 10తో గుణించినా 240 కదా. దీని మీద ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. జవాబు మీకే నచ్చకపోతే సీనియర్ వెయిటేజీ 12 ఎక్కువైందని అర్థం. దాన్ని తర్వాతి నెలల కోసం మార్చుకోవచ్చు గానీ, ఈ నెల లెక్కలో చేయి పెట్టొద్దు.

## ఏడో మెట్టు: షీట్ తయారీ

ఎక్సెల్‌లోనైనా, గూగుల్ షీట్స్‌లోనైనా ఒకే విధంగా పనిచేస్తుంది. `B1`లో పంచాల్సిన మొత్తం. 3వ వరుసలో శీర్షికలు, 4 నుంచి 10 వరకు ఏడుగురు. `A`లో పేరు, `B`లో రోజు పాయింట్లు, `C`లో వచ్చిన రోజులు, `D`లో అదనం. మిగతావి ఫార్ములాలు:

```
E4:  =B4*C4+D4
E11: =SUM(E4:E10)
F4:  =$B$1*E4/E$11
G4:  =INT(F4)
H4:  =F4-G4
B2:  =B1-SUM(G4:G10)
I4:  =G4+IF(RANK(H4,H$4:H$10)<=$B$2,1,0)
I11: =B1-SUM(I4:I10)
```

4వ వరుసలో ఉన్న ఫార్ములాలను 10 వరకు కిందికి లాగండి. `B2`లో మిగిలిన చిల్లర కనిపిస్తుంది. `I` కాలమ్ చివరి మొత్తం. `I11`లో సున్నా రావాలి. రాలేదంటే ఒకే పాయింట్లున్న ఇద్దరి చిల్లర సరిసమానంగా ఉండి, మిగిలింది ఒకరికే సరిపోయే పరిస్థితి వచ్చిందని అర్థం. మన లెక్కలో సీనియర్ 2, సభ్యుడు 2 అలాంటి జంటే. మిగిలింది 5 కాకుండా 3 అయి ఉంటే మూడోది ఇద్దరికీ పడి, `I11`లో మైనస్ 1 కనిపించేది. అలాంటప్పుడు ఎక్కువ రోజులు వచ్చినవారికి ఇవ్వాలని ఒక లైన్ రాసుకుని, చేత్తో సర్దండి. ఒక్క యూనిట్ కోసం పెద్ద ఫార్ములా అక్కర్లేదు.

రెండో దారి ఎంచుకున్నవాళ్లు `F4`లో `E$11` బదులు పూర్తి హాజరు పాయింట్లున్న సెల్‌ను, అలాగే `$` గుర్తుతో, పెడితే చాలు. అయితే అప్పుడు `B2`లో కనిపించేది చిల్లర కాదు, పెద్ద మిగులు. దాన్ని ఎవరికీ పంచకూడదు కాబట్టి `I4`లో `=G4` అని మాత్రమే ఉంచండి. `I11`లో కూడా సున్నా బదులు ఆ మిగులే కనిపిస్తుంది.

షీట్‌ను అందరూ చూడగలగాలి, ఒక్కరే మార్చగలగాలి. ఆ ఒక్కరు లీడ్ కాకపోతే మంచిది. అందరికన్నా పెద్ద వాటా తీసుకునేవాళ్ల చేతిలోనే కలం ఉందన్న మాట రాకుండా ఉంటుంది.

## డబ్బు ఇచ్చాక తప్పు బయటపడితే

గడువు ఎంత ఇచ్చినా ఇది జరుగుతుంది. సభ్యుడు 2 ఆ 25వ రోజు కూడా వచ్చాడని, మిషన్‌లో నమోదు కాలేదని తర్వాత తేలిందనుకుందాం. అతనికి 10 పాయింట్లు కలవాలి. పాయింట్ విలువ 36.61 కాబట్టి 366 ఇచ్చేద్దామనిపిస్తుంది. అది కొంచెం ఎక్కువ. ఆ పాయింట్లు మొదటే ఉండి ఉంటే మొత్తం 1,649 అయ్యేది, పాయింట్ విలువ కూడా కాస్త తగ్గేది. కొత్త లెక్కలో అతనికి రావాల్సింది 9,096, ఇచ్చింది 8,786. కలపాల్సింది 310.

మరి ఆ 310 ఎవరి దగ్గర తీసుకోవాలి? లెక్క ప్రకారమైతే సభ్యుడు 1 దగ్గర సుమారు 56, మిగతావాళ్ల దగ్గర తలా కొంత వెనక్కి తీసుకోవాలి. ఆ పని చేయొద్దు. చేతికిచ్చిన డబ్బు వెనక్కి అడిగితే పోయే సద్భావం ముందు 56 ఏ మూలకూ రాదు. వచ్చే నెల మొత్తంలోంచి ముందుగా 310 తీసి అతనికిచ్చి, మిగిలింది మామూలుగా పంచండి. ఇలాంటి సవరణలకు ఒక నెల గడువు పెట్టుకోండి. అది దాటాక పాత లెక్కలు తెరవకూడదు.

నెల మధ్యలో మానేసి వెళ్లినవాళ్ల విషయం కూడా ముందే రాసుకోండి. పనిచేసిన రోజులకు పాయింట్లు ఇవ్వడమే సబబని నా అభిప్రాయం. పంచే రోజుకు ఉద్యోగంలో ఉండాలన్న షరతు పెట్టాలనుకుంటే, చేరిన రోజే వాళ్లకు తెలియాలి.

వెయిటేజీల విషయానికొస్తే, వాటిని ఆరు నెలలకోసారి తిరగతోడితే చాలు. ప్రతి నెలా మారిస్తే ఎవరి ఒత్తిడికో మారినట్టు ఉంటుంది. కొత్త అంకెలు ఒప్పుకున్నాక గత నెల హాజరును వాటితో ఒకసారి నడిపి, ఎవరికి ఎంత మారుతుందో టీమ్‌కు చూపించండి. అమలు మాత్రం ఇంకా మొదలుకాని నెల నుంచే.